చెత్త బండి దగ్గర తేలే లెక్క
సూర్యాపేట అనుభవంలో కో-ప్రొడక్షన్ పాఠం

పొద్దున ఆరున్నరకు వీధిలో విజిల్ వినిపిస్తుంది. మీ రూమ్ ముందు చెత్త బండి ఆగుతుంది. రాత్రి తిన్న అన్నం మెతుకులు, పాల ప్యాకెట్, బిర్యానీ డబ్బా, పాడైన బ్యాటరీ సెల్... అన్నీ ఒకే కవర్లో ముడేసి బండిలో పడేసి లోపలికి వచ్చేస్తారు. తర్వాత ఆ కవర్ ఏమైందో మీకు తెలియదు. అది మున్సిపాలిటీ పని అనుకుంటారు. 'పన్ను కడుతున్నాం కదా' అని ఇంటి ఓనర్ కూడా అంటాడు.

ఆ మాటలో సగమే నిజం. కరెంటు సరఫరాలో మీ పాత్ర బిల్లు కట్టడంతో అయిపోతుంది. చెత్త విషయంలో అలా కుదరదు. ఈ సేవలో మొదటి పని మీ వంటింట్లో జరుగుతుంది, రెండో పని బండి దగ్గర, మూడో పని యార్డులో. మొదటిది జరగకపోతే మిగతా రెండింటికీ విలువ ఉండదు. పౌరుడు, ప్రభుత్వం చెరో చేయీ వేస్తేనే తయారయ్యే ఇలాంటి సేవనే పాలనా శాస్త్రంలో 'కో-ప్రొడక్షన్' అంటారు. తెలుగులో సహ ఉత్పత్తి అనుకోవచ్చు. గ్రూప్స్ మెయిన్స్‌లో పాలన, పట్టణాభివృద్ధి ప్రశ్నలకు ఇది పనికొస్తుంది. ఇంటర్వ్యూలో 'మీ ఊరి సమస్య ఒకటి చెప్పండి' అన్నప్పుడు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి వేరే దేశం ఉదాహరణ వెతకాల్సిన పని లేదు. సూర్యాపేట చాలు.

2003లో సూర్యాపేట ఏం చేసింది?

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఇంజినీర్ నగరాల చెత్త గురించి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు నడుస్తుండగానే కేంద్రం 2000లో మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లను పట్టణాలు 2003 డిసెంబరు 31లోగా చేసుకోవాలని అందులో గడువు పెట్టింది. దేశంలో చాలా పట్టణాలు ఆ గడువును పట్టించుకోలేదు. 'డబ్బు లేదు, స్థలం లేదు, జనం వినరు' అన్న మూడు మాటలూ ప్రతి చోటా వినిపించేవి.

అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట జనాభా దాదాపు లక్ష. రోజుకు సుమారు 30 టన్నుల చెత్త వచ్చేది. మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఆధ్వర్యంలో 2003 నుంచి ఇక్కడ పద్ధతి మారింది. ప్రతి ఇంట్లో రెండు డబ్బాలు పెట్టించారు, తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి. ట్రాక్టర్లు ఇంటింటికీ వెళ్లి రెండింటినీ వేర్వేరుగా తీసుకునేవి. తడి చెత్తతో వానపాముల ఎరువు తయారు చేశారు. పొడి చెత్తను రకాలుగా విడదీసి అమ్మారు. ఈ రెండింటి మీదా మున్సిపాలిటీకి ఆదాయం వచ్చింది. వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. వీధి మూలల్లో ఉండే చెత్త కుండీలను తీసేశారు. అందుకే సూర్యాపేటకు 'డస్ట్‌బిన్ లేని పట్టణం' అని దేశమంతా పేరొచ్చింది. వేరే రాష్ట్రాల మున్సిపల్ అధికారులు వచ్చి చూసి వెళ్లారు.

కుండీ తీసేయడం వింతగా అనిపించవచ్చు. చెత్త సమస్య ఉన్న చోట కుండీలు పెంచాలి కదా? దీనికి జవాబు దొరికితే కో-ప్రొడక్షన్ సగం అర్థమైనట్టే.

వీధి మూలలో కుండీ ఉన్నంత కాలం ఇంట్లోవాళ్లు చెత్తను వేరు చేయాల్సిన అవసరం లేదు. వేరు చేయకపోయినా ఎవరూ చూడరు, చెత్త ఎవరిదో ఎవరికీ తెలియదు. అన్నీ కలిపిన కవర్ను రాత్రిపూట తీసుకెళ్లి కుండీలో వేసి రావచ్చు. బండి మనిషికి, ఇంటి మనిషికి ముఖాముఖి జరగదు. కుండీ పోయాక చెత్త చేతులు మారే చోటు ఒక్కటే మిగులుతుంది, మీ గుమ్మం. అక్కడ ఇద్దరూ ఒకరి పని ఒకరు చూస్తారు. డబ్బాలో ఏముందో బండి మనిషికి కనిపిస్తుంది. ఆయన దాన్ని ఏ గదిలో వేస్తున్నాడో మీకు కనిపిస్తుంది. అయితే దీనికో షరతు ఉంది. బండి రోజూ, చెప్పిన టైముకు రావాలి. కుండీ తీసేసి బండి రెండు రోజులు రాకపోతే మూడో రోజు చెత్త కాలువలోకే వెళ్తుంది.

పని ఇద్దరి మధ్య ఎందుకు చీలింది?

'జనం వేరు చేయకపోతే ఏమైంది, మున్సిపాలిటీ మనుషుల్ని పెట్టి వేరు చేయించవచ్చు కదా' అని మీకు సందేహం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. ఇది అర్థం కావడానికి వేసుకున్న ఊహా లెక్క, ఏ ఒక్క వార్డుదీ కాదు.

ఒక బండి కింద 500 ఇళ్లున్నాయనుకోండి. ఇంటికి నలుగురు. మనిషికి రోజుకు 350 గ్రాముల చెత్త. అంటే ఇంటికి 1.4 కిలోలు, బండికి 700 కిలోలు. ఇంటి చెత్తలో సుమారు సగం, అంటే 700 గ్రాములు తడి చెత్త అనుకుందాం. ఒక్కో ఇంటి దగ్గర అర నిమిషం ఆగితే 500 ఇళ్లకు 250 నిమిషాలు పడుతుంది. నాలుగు గంటల పది నిమిషాలు. ఒక షిఫ్టులో యార్డుకు వెళ్లి దింపి రావడానికి కూడా టైము సరిపోతుంది.

ఇప్పుడు 500 ఇళ్లలో 150 ఇళ్లవాళ్లు కలిపిన చెత్తే ఇస్తున్నారనుకోండి. బండి మనిషి అక్కడే వేరు చేయాలంటే ఇంటికి కనీసం ఇంకో నిమిషం కావాలి. 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు అదనం. షిఫ్టు దాటిపోతుంది. చివరి వీధులకు బండి మధ్యాహ్నం దాకా చేరదు. అప్పటికి ఆ ఇళ్లవాళ్లు పనులకు వెళ్లిపోయి ఉంటారు. గుమ్మం దగ్గర ఇచ్చేవాళ్లు లేక వాళ్ల చెత్త ఖాళీ ప్లాటులోకి పోతుంది.

అదే పని మీ వంటింట్లో చేస్తే ఎంతసేపు? దాదాపు ఏమీ పట్టదు. కూరగాయల తొక్కు ఒక డబ్బాలో, కవర్ ఇంకో డబ్బాలో పడేయడమే. పుట్టిన చోట చెత్త వేరుగానే ఉంటుంది. దాన్ని కలిపేది మనమే. అంటే ఈ పని ఇంటివాళ్లకు చాలా చవక, మున్సిపాలిటీకి చాలా ఖరీదు. ఇంకోవైపు బండి నడపడం, షెడ్డు కట్టడం, ఎరువు తయారీ, కొనేవాళ్లను వెతకడం ఇంటివాళ్లకు కుదిరే పని కాదు. మున్సిపాలిటీకి సులువు. ఎవరికి చవకగా అయ్యే పని వాళ్లు చేయడమే ఈ చీలికకు కారణం. 'పౌరులు బాధ్యతగా ఉండాలి' అనే నీతి బోధ కంటే ముందు ఇందులో ఆర్థిక శాస్త్రం ఉంది.

70 శాతం అంటే పాస్ మార్కు కాదు

పై లెక్కలో 500లో 350 ఇళ్లు చెత్తను సరిగ్గా వేరు చేస్తున్నాయి. 70 శాతం. పరీక్షలో అయితే ఫస్ట్ క్లాస్ మార్కులు. చెత్తలో మాత్రం ఫెయిలే. ఎందుకో చూడండి.

వేరు చేసిన 350 ఇళ్ల నుంచి మంచి తడి చెత్త 245 కిలోలు వస్తుంది. కలిపిచ్చిన 150 ఇళ్ల చెత్త మొత్తం 210 కిలోలు. హడావుడిలో బండి మనిషి దాన్ని తడి గదిలోనే వేశాడనుకోండి. గదిలో ఇప్పుడు 455 కిలోలున్నాయి. అందులో 105 కిలోలు ప్లాస్టిక్, గాజు, గుడ్డ పీలికలు, దుమ్ము వంటివి. అంటే దాదాపు నాలుగో వంతు పనికిరానిదే. ఆ 350 కుటుంబాలు రోజూ పడిన శ్రమ మిగతా 150 ఇళ్ల వల్ల ఆ గదిలోనే వృథా అయింది.

యార్డులో ఏమవుతుందో కూడా చూద్దాం. తడి చెత్తను ముందు పేడ నీళ్లు చల్లి కొన్ని వారాలు మాగనిస్తారు. అప్పుడు కుప్ప వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గాక నీడలో ఉండే బెడ్లలోకి మార్చి వానపాములు వదులుతారు. వేడి తగ్గకముందే వదిలినా, సబ్బు, రసాయనాలు, బ్యాటరీల్లోని విషం కలిసినా పాములు చచ్చిపోతాయి. తేమ ఎక్కువైనా తక్కువైనా పని ఆగిపోతుంది. అన్నీ దాటి ఎరువు తయారైనా, జల్లెడ పట్టినప్పుడు గాజు పెంకులు, కవర్ ముక్కలు కనిపిస్తే రైతు కొనడు. మన నల్గొండ ప్రాంతంలో బత్తాయి తోట ఉన్న రైతు తన పాదుల్లో గాజు పెంకులు చల్లుకోవడానికి డబ్బులిస్తాడా? ఎరువు అమ్ముడుపోకపోతే షెడ్డులో గుట్టలు పేరుకుంటాయి. గుట్టలు పేరుకుంటే కొత్త చెత్తకు చోటుండదు. అది నేరుగా డంపింగ్ యార్డుకు పోతుంది. ఆ తర్వాత రెండు డబ్బాలు పేరుకే మిగులుతాయి.

దీనికి తెలివైన మున్సిపాలిటీలు చేసే మందు చిన్నదే. బండికి తడి, పొడి గదులతో పాటు మూడో సంచి కడతారు. కలిపిచ్చిన చెత్త అందులోకే వెళ్తుంది. మంచి చెత్త పాడవదు. ఎవరు కలిపిచ్చారో పుస్తకంలో ఇంటి నంబరు ఎదుట ఒక గీత పడుతుంది. సాయంత్రానికి ఏ వీధిలో గీతలు ఎక్కువున్నాయో తెలుస్తుంది. మర్నాడు వార్డు ఆఫీసరో, మెప్మా రిసోర్స్ పర్సనో ఆ వీధికే వెళ్తే చాలు. 500 ఇళ్లకూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఆస్ట్రమ్ చెప్పిన నాలుగు షరతులు

కో-ప్రొడక్షన్ అన్న మాటకు బలం ఇచ్చినవాళ్లలో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ముఖ్యురాలు. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. 1970లలో ఇండియానా యూనివర్సిటీలో పోలీసు సేవల మీద పరిశోధన చేస్తుండగా ఆమె బృందానికి ఒక విషయం కనిపించింది. వీధి భద్రత పోలీసులు ఒక్కళ్లే తయారు చేసేది కాదు, వీధిలోవాళ్లు కళ్లు తెరిచి ఉంటేనే అది సాధ్యం. 1996లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆమె బ్రెజిల్ పేటల్లో జనమూ ఇంజినీర్లూ కలిసి మురుగు పైపులు వేసుకున్న ఉదాహరణ తీసుకుని, ఇలాంటి ఏర్పాటు నిలబడటానికి నాలుగు షరతులు చెప్పారు. వాటిని సూర్యాపేట గుమ్మం ముందు పెట్టి చూద్దాం.

మొదటిది, ఇద్దరి పనీ ఒకదానికొకటి పూరకంగా ఉండాలి. ఒకరి పని ఇంకొకరు చేయగలిగితే కో-ప్రొడక్షన్ అక్కర్లేదు. ఎవరికి చవకైతే వాళ్లకే అప్పగించవచ్చు. పై లెక్కలో మనం చూసింది ఇదే. చెత్త విషయంలో ఈ షరతు సహజంగానే కుదురుతుంది.

రెండోది, ఇద్దరికీ చట్టంలో చోటుండాలి. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్లో ఘన వ్యర్థాల నిర్వహణ మున్సిపాలిటీ పనుల జాబితాలో ఉంది. 2016 నిబంధనలు ఇంకో అడుగు వేసి చెత్త పుట్టించే ప్రతి ఒక్కరికీ బాధ్యత పెట్టాయి. తడి, పొడి, ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్త అని మూడుగా వేరు చేసి ఇవ్వాలి. కాల్చకూడదు, కాలువలో వేయకూడదు. వాటి స్థానంలో 2026లో వచ్చిన కొత్త నిబంధనలు చెత్తను నాలుగుగా విడదీయమంటున్నాయి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. పరీక్షకు పాత పుస్తకం చదువుతుంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి. పౌరుల వైపు నుంచి చూస్తే, తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోధికులు, ప్రముఖులతో నాలుగు కమిటీలుండాలంటోంది. ఒక్కో కమిటీలో 15 మంది. అంటే అడిగే హక్కు కూడా కాగితం మీద ఉంది.

మూడోది, ఒకరి మాట మీద ఇంకొకరికి నమ్మకం ఉండాలి. చాలా పట్టణాల్లో పథకం చచ్చిపోయేది ఇక్కడే. రెండు డబ్బాలు పంచుతారు. ఇంట్లో అమ్మ పది రోజులు ఓపికగా వేరు చేస్తుంది. పదకొండో రోజు బండి మనిషి రెండు డబ్బాలనూ ఒకే గదిలో గుమ్మరించడం చూస్తుంది. 'ఈ మాత్రం దానికి నేనెందుకు చేయాలి' అనుకుంటుంది. మర్నాటి నుంచి పచ్చ డబ్బాలో బియ్యం పోసుకుంటుంది, నీలం డబ్బాలో నీళ్లు పట్టుకుంటుంది. ఆమె తప్పేముంది? మాట తప్పింది మున్సిపాలిటీ. ఇంకోవైపు నుంచి చూస్తే బండి మనిషి బాధ కూడా నిజమే. సగం ఇళ్లు కలిపే ఇస్తున్నప్పుడు ఆయన రెండు గదులను ఎలా కాపాడతాడు? ఒకరి పని చూసి ఇంకొకరు చేస్తారు, ఒకరి ఎగవేత చూసి ఇంకొకరు ఎగ్గొడతారు. ఈ ముడి విప్పాల్సింది ఎవరు ముందు అంటే, ప్రభుత్వమే. ఎందుకంటే 500 ఇళ్లు ఒకేసారి మారవు గానీ ఒక బండి ఒక్కరోజులో మారగలదు. బండిలో అడ్డు పలక పెట్టకుండా డబ్బాలు పంచడం విత్తనం లేకుండా దుక్కి దున్నినట్టే.

నాలుగోది, ఇద్దరికీ ఏదో ఒక ప్రయోజనం కనిపించాలి. సూర్యాపేటలో ఎరువు, పొడి చెత్త అమ్మిన డబ్బు మున్సిపాలిటీకి ఆ ప్రయోజనం. ఇంటివాళ్లకు వీధి మూలలో కుళ్లే కుండీ, దాని చుట్టూ తిరిగే కుక్కలు, పందులు పోవడమే ప్రయోజనం. అది మర్నాడే కళ్లకు కనిపిస్తుంది.

ఈ నాలుగో షరతు తప్పితే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు, కొత్త వాహనాలు వచ్చాయి. పని స్వభావం సూర్యాపేటలో లాంటిదే. దాంతోపాటు ఇంటింటికీ నెలవారీ యూజర్ ఛార్జీ కూడా వచ్చింది. జనం దాన్ని 'చెత్త పన్ను' అన్నారు. ఆ పేరే పథకం కంటే ఎక్కువ ప్రచారమైంది. ఎన్నికల అంశంగా మారి, ప్రభుత్వం మారాక 2024లో రద్దు ప్రకటన వెలువడింది. యూజర్ ఛార్జీ తప్పని కాదు, 2016 నిబంధనల్లోనే దానికి చోటుండేది. కానీ వీధిలో మార్పు కనిపించకముందే బిల్లు చేతికొస్తే, పౌరుడు తనను భాగస్వామి అనుకోడు. కస్టమర్ అనుకుంటాడు. కస్టమర్ డబ్బు కట్టాక చెత్త వేరు చేయడు, 'డబ్బులిచ్చాను కదా' అంటాడు.

కోదాడ, మిర్యాలగూడలో లెక్క ఎందుకు మారుతుంది?

సూర్యాపేటలో పనిచేసిందని అదే నమూనాను ఎక్కడికైనా తీసుకెళ్లి అతికించలేం. కోదాడ ఆంధ్ర సరిహద్దులో, హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. ఇలాంటి చోట హోటళ్లు, దాబాలు, ఆగి వెళ్లే ప్రయాణికులు చెత్తలో పెద్ద వాటా ఇస్తారు. ప్రయాణికుడు రేపు ఆ ఊళ్లో ఉండడు. గుమ్మం లేదు, ఇంటి నంబరు లేదు, గీత పెట్టే పుస్తకం పనిచేయదు. అక్కడ భాగస్వామిగా పట్టుకోవాల్సింది హోటల్ యజమానిని. ఆయన దగ్గర మిగిలిన అన్నం, ఆకులు, వాటర్ బాటిళ్లు మూడు వేర్వేరు చోట్లకు వెళ్లాలి. రాత్రి పదకొండు తర్వాత షాపు మూసేటప్పుడు పుట్టే చెత్తకు పొద్దున ఆరున్నర బండి ఉపయోగపడదు. రాత్రి ట్రిప్పు ఉండాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు. మిల్లుల ఊక, బూడిద చూసి 'ఊళ్లో చెత్త ఎక్కువ' అనేయడం సులువు. అది పరిశ్రమ వ్యర్థం. మున్సిపల్ బండి మోయాల్సింది కాదు, దానికి బాధ్యత మిల్లుది. రెండూ కలిపి మాట్లాడితే ఇంటి దగ్గర వేరు చేయడం ఎంత జరుగుతోందో ఎప్పటికీ తేలదు. పాలనలో సగం పొరపాట్లు ఇలా ఎవరి చెత్త ఎవరి ఖాతాలో వేయాలో తెలియక జరిగేవే.

మూడు ఊళ్లలోనూ ఉండే ఇంకో బలహీన స్థానం మీదే, అంటే హాస్టళ్లు, బ్యాచిలర్ రూములు. 2016 నిబంధనల ప్రకారం రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త ఇచ్చే సంస్థను పెద్ద ఉత్పత్తిదారుగా చూసేవారు. మన లెక్కలో మనిషికి 350 గ్రాములు కాబట్టి 300 మంది ఉండే హాస్టల్ 105 కిలోలతో ఆ గీత దాటేస్తుంది. మెస్సు ఒక్కటి వేరు చేస్తే 75 ఇళ్లు వేరు చేసినంత. అది కలిపిస్తే 75 ఇళ్ల శ్రమ పోయినంత. మెస్సులో ప్లేట్లు కడిగే చోట రెండు డ్రమ్ములు పెట్టారా లేదా అన్నది ఒక వార్డు ఫలితాన్నే మార్చగలదు.

భారం ఎవరి మీద?

కో-ప్రొడక్షన్‌కు ఒక చీకటి వైపు కూడా ఉంది. దాన్ని వదిలేస్తే జవాబు సగమే అవుతుంది. 'ప్రజల భాగస్వామ్యం' అన్న పేరుతో ప్రభుత్వం తన పనిని జనం నెత్తిన పెట్టొచ్చు. ఇంట్లో చెత్త వేరు చేసేది ఎవరు? చాలా ఇళ్లలో ఆడవాళ్లు, లేదా పనిమనిషి. కమిటీలో కూర్చునేదీ ఫొటోలో ఉండేదీ వేరేవాళ్లు. ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో ఉండే ఇంట్లో నాలుగు డబ్బాలు పెట్టడానికి చోటెక్కడ? అలాంటి పేటలో ఇంటి డబ్బాలకు బదులు వీధికో చోట వేర్వేరు డ్రమ్ములు, వాటి దగ్గర ఒక మనిషి ఉండటమే సరైనది కావచ్చు.

ఇంటివాళ్లు ఎగ్గొట్టిన పని మాయమవదు. అది కాంట్రాక్టు కార్మికురాలి చేతి మీదకు వస్తుంది. మీరు కవర్లో చుట్టకుండా వేసిన పగిలిన గ్లాసు, వాడిన ప్యాడ్, షుగర్ సూది... యార్డులో గ్లవ్స్ చిరిగిన చేతులే వాటిని ఏరాలి. అందుకే శానిటరీ చెత్తను కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వాలన్న నిబంధన అందం కోసం పెట్టింది కాదు, ఆమె చేతికి గాయం, రోగం రాకుండా పెట్టింది.

ఇంకో పరిమితి, అధికారి మీద ఆధారపడటం. సూర్యాపేట పేరు చెప్పగానే ఒక కమిషనర్ పేరు వస్తుంది. అది గౌరవమే గానీ హెచ్చరిక కూడా. కమిషనర్లు బదిలీ అవుతారు. వేళకు వచ్చే బండి, ఇంటి నంబర్ల పుస్తకం, ఎరువు కొనే రైతుతో ఒప్పందం, వార్డు కమిటీ నెలవారీ సమావేశం, ఈ నాలుగూ ఆఫీసు అలవాటుగా మారితే మనిషి మారినా పని ఆగదు. మారకపోతే ఆగుతుంది.

'వంద శాతం' అంటే ఎలా నమ్మాలి?

ఏ మున్సిపాలిటీ అయినా 'మా దగ్గర నూరు శాతం వేరు చేస్తున్నాం' అంటే మీరు మూడు చోట్ల చూడండి. ఇంటి ముందు డబ్బాల రంగులు చూడటం వల్ల ఏమీ తెలియదు.

ఒకటి, బండిలోకి తొంగి చూడండి. తడి గదిలో కవర్లు ఎన్ని కనిపిస్తున్నాయి? ముడేసిన నల్ల కవర్ కనిపించిందంటే అక్కడ కలిపిన చెత్త ఉన్నట్టే.

రెండు, పొడి చెత్త అమ్మిన రిజిస్టర్ అడగండి. ఏ నెల ఎన్ని కిలోలు ఎవరికి అమ్మారో అందులో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. బాగా వేరు చేస్తుంటే ఆ అంకె పెరుగుతూ ఉంటుంది.

మూడు, డంపింగ్ యార్డుకు రోజుకు ఎంత వెళ్తోందో తెలుసుకోండి. మాట వరసకు 30 టన్నులు వచ్చే ఊళ్లో సగం తడి, మూడో వంతు పొడి అనుకుంటే, నిజంగా వేరు చేస్తే యార్డుకు వెళ్లాల్సింది అయిదు టన్నులే. ఇంకా ఇరవై అయిదు టన్నులు వెళ్తుంటే నూరు శాతం అన్న మాట బోర్డు మీదే ఉంది.

గ్రూప్-4 ద్వారా వార్డు ఆఫీసర్‌గా చేరేవాళ్లకు ఈ మూడు చూపులే రోజువారీ ఉద్యోగం. మెయిన్స్ రాసేవాళ్లు 'పట్టణ పాలనలో ప్రజల భాగస్వామ్యం' అన్న ప్రశ్నకు ఈ వరసలో జవాబు కట్టొచ్చు. ముందు పని ఇద్దరి మధ్య ఎందుకు చీలిందో ఒక లెక్కతో చూపండి. తర్వాత నాలుగు షరతులను సూర్యాపేటకు అన్వయించండి. క్లీన్ ఆంధ్రప్రదేశ్‌ను ఎదురు ఉదాహరణగా పెట్టండి. చివర భారం ఎవరి మీద పడుతోందో రాసి ముగించండి.

రాయడానికి ముందు ఒక పని చేయండి. రేపు పొద్దున ఆరున్నరకు విజిల్ వినగానే కిందికి దిగి, మీ డబ్బాను బండి మనిషి ఏ గదిలో వేశాడో చూడండి. రెండు డబ్బాలిస్తే రెండు గదుల్లో వేశాడా? ఒకే గదిలో వేస్తే 'ఎందుకన్నా?' అని అడగండి. ఆయన చెప్పే జవాబులోనే మీ వార్డులో ఎవరు మాట తప్పారో తెలుస్తుంది. 'మీ బిల్డింగోళ్లు కలిపే ఇస్తరు కదా తమ్మీ' అన్నాడనుకోండి, మాట తప్పింది మీ వైపే.